లారీ సగటు వేగం ఎంత?

మిర్చి బస్తాలతో ఒక లారీ పల్లె నుంచి గుంటూరు యార్డుకు బయలుదేరింది. మొదటి 30 కిలోమీటర్లు గుంతల రోడ్డు. అక్కడ గంటకు 20 కిలోమీటర్ల వేగంతో నడిచింది. తర్వాత హైవే ఎక్కి, మిగిలిన 150 కిలోమీటర్లూ గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లింది. మొత్తం ప్రయాణంలో లారీ సగటు వేగం ఎంత?

ఈ లెక్కను బిట్టుగా ఇస్తే కింద నాలుగు ఆప్షన్లు ఉంటాయి: 40, 30, 53⅓, 45. నవోదయ ప్రవేశ పరీక్ష రాసే ఐదో తరగతి పిల్లల నుంచి కానిస్టేబుల్ పరీక్షకు చదివే పెద్దల దాకా అందరికీ ఇలాంటి లెక్క ఎదురవుతుంది. ఆ నాలుగు అంకెలూ ఏదో తోచినట్టు పెట్టినవి కావు. సరైన జవాబు పక్కన ఉన్న మూడు తప్పు జవాబులకూ ఒక్కోదానికి ఒక్కో దారి ఉంది. పిల్లలు ఏ దారిలో తప్పిపోతారో తెలిసిన మనిషే ఆ ఆప్షన్లు తయారు చేస్తాడు. అందుకే తప్పుగా చేసిన విద్యార్థికి తన జవాబు ఆప్షన్లలో కనిపిస్తుంది. కనిపించగానే లెక్క సరిపోయిందనుకుని గడి నింపేస్తాడు.

ముందు లెక్కను తిన్నగా చేద్దాం. సగటు వేగం అంటే మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగిస్తే వచ్చేది. భౌతికశాస్త్రం పుస్తకంలో దీన్నే సరాసరి వడి అంటారు. మొత్తం దూరం తేలికే: 30, 150 కలిపి 180 కిలోమీటర్లు. కాలం మాత్రం ప్రశ్నలో నేరుగా ఇవ్వలేదు, మనమే కనుక్కోవాలి. గుంతల రోడ్డు మీద 30 కిలోమీటర్లకు గంటకు 20 చొప్పున గంటన్నర పట్టింది. హైవే మీద 150 కిలోమీటర్లకు గంటకు 60 చొప్పున రెండున్నర గంటలు పట్టింది. మొత్తం నాలుగు గంటలు. 180ని 4తో భాగిస్తే 45. అంటే లారీ మొదటి నుంచి చివరిదాకా వేగం మార్చకుండా గంటకు 45 కిలోమీటర్ల చొప్పున వెళ్లినా సరిగ్గా ఆ నాలుగు గంటల్లోనే యార్డుకు చేరేది. సగటు వేగానికి అర్థం ఇదే. జవాబు సరిచూసుకోవడానికీ ఇదే పద్ధతి: వచ్చిన వేగాన్ని మొత్తం కాలంతో గుణిస్తే మొత్తం దూరం రావాలి. 45ని 4తో గుణిస్తే 180. సరిపోయింది.

ఇక తప్పు దారుల సంగతి. 40 ఎలా వస్తుందో చెప్పనక్కర్లేదు. 20, 60 కూడి రెండుతో భాగిస్తే చాలు. సగటు అనే మాట కనబడగానే చెయ్యి అలవాటుగా చేసే పని ఇది. ఎందుకంటే మార్కుల సగటు, వయసుల సగటు, ఎత్తుల సగటు అన్నీ చిన్నప్పటి నుంచి అలాగే చేస్తూ వచ్చాం. అక్కడ ఒక్కో విద్యార్థి ఒక్కో లెక్క, అందరికీ సమాన స్థానం. ఇక్కడ 20 అనే వేగం గంటన్నర నడిచింది, 60 అనే వేగం రెండున్నర గంటలు నడిచింది. ఆ రెండింటికీ సమానమైన స్థానం ఇస్తే లెక్క ఎక్కడ సరిపోతుంది? 40ని 4తో గుణించి చూడండి, 160 వస్తుంది. లారీ యార్డుకు 20 కిలోమీటర్ల ఇవతలే ఆగిపోతుంది.

క్రికెట్ చూసే పిల్లలకు ఈ విషయం ఒక్క మాటలో చెప్పొచ్చు. ఒక జట్టు మొదటి 15 ఓవర్లు ఓవరుకు 4 పరుగుల చొప్పున ఆడి, చివరి 5 ఓవర్లు 8 చొప్పున కొట్టిందనుకోండి. మొత్తం రన్ రేటు ఆరు అని ఎవరూ అనరు. మొదట 60 పరుగులు, తర్వాత 40, మొత్తం వంద. 20 ఓవర్లతో భాగిస్తే 5. అక్కడ ఓవర్లు ఎలాగో, ఇక్కడ గంటలు అలాగ.

అయితే కూడి సగం చేయడం ఎప్పుడూ తప్పేనా అంటే, కాదు. రెండు వేగాలూ సమానమైన కాలం నడిస్తే అదే సరైన పద్ధతి. లారీ రెండు గంటలు 20 చొప్పున, ఇంకో రెండు గంటలు 60 చొప్పున నడిస్తే 40, 120 కలిపి 160 కిలోమీటర్లు వస్తుంది. నాలుగు గంటలతో భాగిస్తే 40. కాబట్టి ప్రశ్నలో "మొదటి రెండు గంటలు" అని ఉందా, "మొదటి 30 కిలోమీటర్లు" అని ఉందా అన్నది చూడకుండా పెన్ను కదపకూడదు. కాలాలు ఇస్తే ఒక దారి, దూరాలు ఇస్తే ఇంకో దారి. ఈ లెక్కల్లో పోయే మార్కుల్లో చాలా భాగం ఇక్కడే పోతాయని నా అభిప్రాయం.

రెండో తప్పు జవాబు 30. ఇది కొంచెం చదువుకున్న వాళ్లు చేసే తప్పు. గైడులో ఒక సూత్రం ఉంటుంది: వేగాలు a, b అయితే సగటు వేగం 2ab/(a+b). దాన్ని బట్టీ పట్టిన విద్యార్థి 2 × 20 × 60 = 2400 రాసి, 80తో భాగించి 30 అంటాడు. సూత్రంలో తప్పు లేదు. అది పుట్టిన చోటు వేరు. వెళ్లేటప్పుడు ఒక వేగం, అదే దారిలో తిరిగి వచ్చేటప్పుడు ఇంకో వేగం, అంటే రెండు దూరాలూ సమానం అయినప్పుడే అది పనిచేస్తుంది. పైన ఉన్న 2 అక్కడికి ఎందుకు వచ్చిందో గమనిస్తే సంగతి తెలిసిపోతుంది. ఒక వైపు దూరం d అనుకుంటే మొత్తం దూరం 2d, మొత్తం కాలం d/a + d/b. భాగించినప్పుడు d కొట్టివేయబడి 2ab/(a+b) మిగులుతుంది. రెండు చోట్లా ఉన్నది ఒకే d కాబట్టి అది కొట్టివేయబడింది. మన లారీ లెక్కలో ఒక చోట 30, ఇంకో చోట 150. కొట్టివేయడానికి వీల్లేదు, కాబట్టి ఆ సూత్రానికి ఇక్కడ పని లేదు.

దూరాలు వేరైనప్పుడు కూడా ఒక సూత్రం కావాలంటే రాయొచ్చు. దూరాలు p, q, వేగాలు a, b అయితే సగటు వేగం (p+q) ÷ (p/a + q/b). కానీ ఇది కొత్త సూత్రమేమీ కాదు, "మొత్తం దూరం భాగించు మొత్తం కాలం" అన్నదాన్నే అక్షరాల్లో రాశాం. దీన్ని విడిగా బట్టీ పట్టించడం పిల్లల బుర్రకు అనవసరమైన బరువు.

మూడో తప్పు జవాబు 53⅓. దీని మీద నాకు గౌరవం ఉంది, ఎందుకంటే ఇది ఆలోచించే విద్యార్థి చేసే తప్పు. రెండు వేగాలకూ సమాన స్థానం ఇవ్వకూడదని అతనికి తెలుసు. ఎక్కువ దూరం వెళ్లిన వేగానికి ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వాలి కదా అనుకుని, 30ని 20తో, 150ని 60తో గుణిస్తాడు. 600, 9000 కలిపి 9600. దాన్ని 180తో భాగిస్తే 53⅓. ఆలోచన సగం దాకా సరైనదే, ప్రాధాన్యం ఇవ్వాల్సిందే. కానీ వేగం అంటే గంటకు ఇన్ని కిలోమీటర్లు. గంటకు అన్నాం కాబట్టి ఎన్ని గంటలు అన్నదే దాని బరువు. గుంతల రోడ్డు దూరంలో ఆరో వంతే, కాలంలో మాత్రం ఎనిమిదింట మూడు వంతులు తినేసింది. నెమ్మదిగా వెళ్లే భాగం ఎప్పుడూ తన దూరానికి మించిన కాలం తీసుకుంటుంది. అందుకే దూరాల బరువుతో చేసిన సగటు అసలు జవాబు కంటే ఎప్పుడూ ఎక్కువే వస్తుంది.

గుణకారాలూ భాగహారాలూ అయ్యాక జవాబు నమ్మదగిందో కాదో చూసుకునే ఒక పద్ధతి ఉంది. ముందుగా, సగటు వేగం రెండు వేగాల మధ్యలోనే ఉండాలి. 20 కంటే తక్కువగానీ 60 కంటే ఎక్కువగానీ వస్తే ఎక్కడో పొరపాటు జరిగినట్టే. కానీ ఈ పరీక్ష ఒక్కటే చాలదు. పై నాలుగు ఆప్షన్లూ 20కీ 60కీ మధ్యనే ఉన్నాయి. కాబట్టి ఇంకో మెట్టు లోపలికి వెళ్లాలి: ఏ వేగంతో ఎక్కువ సేపు వెళ్లిందో, సగటు ఆ వేగానికి దగ్గరగా ఉండాలి. ఎంత దగ్గర అన్నది కూడా చెప్పొచ్చు. 45కీ 20కీ తేడా 25, 45కీ 60కీ తేడా 15. ఈ రెండు తేడాల నిష్పత్తి 5 : 3. ఇప్పుడు కాలాలు చూడండి. హైవే మీద రెండున్నర గంటలు, గుంతల రోడ్డు మీద గంటన్నర, అదీ 5 : 3. ఇది కాకతాళీయం కాదు, సరైన సగటు ఎప్పుడూ ఇలాగే కుదురుతుంది. కాలాల నిష్పత్తి తెలిస్తే చాలు, దూరాలతో పని లేకుండానే సగటును గీత మీద గుర్తించవచ్చు.

ఈ పరీక్ష నిమిషాల దగ్గర జరిగే పొరపాటును కూడా పట్టిస్తుంది. ఒక అమ్మాయి సైకిల్ మీద 16 కిలోమీటర్లు ఎదురుగాలిలో గంటకు 12 చొప్పున, తర్వాత 14 కిలోమీటర్లు గంటకు 21 చొప్పున వెళ్లిందనుకుందాం. మొదటి భాగానికి 1 గంట 20 నిమిషాలు, రెండో భాగానికి 40 నిమిషాలు. నోట్సులో విద్యార్థి వీటిని 1.20 అనీ 0.40 అనీ రాస్తాడు. రెండూ కూడితే 1.60. 30ని 1.60తో భాగిస్తే 18.75. చూడ్డానికి జవాబు బాగానే ఉంది, 12కీ 21కీ మధ్యలోనే ఉంది. కానీ ఆ అమ్మాయి నెమ్మదిగా తొక్కిన సమయం వేగంగా తొక్కిన సమయానికి రెట్టింపు. అలాంటప్పుడు సగటు 12 వైపు మొగ్గాలి. 12, 21ల నడిమి సంఖ్య 16.5. దాన్ని దాటి 18.75 దాకా వెళ్లిందంటే ఏదో తేడా కొట్టింది. గంటకు వంద నిమిషాలు ఉన్నట్టు లెక్క కట్టడమే ఆ తేడా. 20 నిమిషాలు అంటే గంటలో మూడో వంతు, 40 నిమిషాలు అంటే మూడింట రెండు వంతులు. 1⅓, ⅔ కూడితే 2 గంటలు. 30ని 2తో భాగిస్తే 15. తేడాలు 3, 6. కాలాలు 80 నిమిషాలు, 40 నిమిషాలు. కుదిరింది. నిమిషాలను దశాంశంగా కాక భిన్నంగా రాసుకోవడం అలవాటైతే ఈ గొడవ ఉండదు. వేగం కిలోమీటర్లలోనూ దూరం మీటర్లలోనూ ఇచ్చిన లెక్కల్లో ముందుగా ప్రమాణాలు ఒకటి చేసుకోవాలన్న సంగతి తెలిసిందే. గంటకు కిలోమీటర్లను సెకనుకు మీటర్లలోకి మార్చడానికి 5/18తో గుణిస్తాం.

కొన్ని ప్రశ్నల్లో దూరం అసలు ఇవ్వరు. "ప్రయాణంలో మూడో వంతు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో, మిగిలిన మూడింట రెండు వంతులు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో" అని ఇస్తారు. దూరం x అనుకుని సమీకరణం రాయొచ్చు, తప్పు లేదు. కానీ దూరం ఎంతైనా సగటు మారదు కాబట్టి మనకు వీలైన సంఖ్యే అనుకోవచ్చు. మూడు భాగాలూ వేగాలతో చక్కగా భాగింపబడేలా 60 కిలోమీటర్లు అనుకుందాం. 20 కిలోమీటర్లకు ఒక గంట, 40 కిలోమీటర్లకు ఒక గంట. 60ని 2తో భాగిస్తే 30. ఇక్కడ 20, 40 కూడి సగం చేసినా అదే 30 వస్తుంది. దూరాలు సమానం కాకపోయినా కాలాలు సమానమయ్యాయి కాబట్టి అలా వచ్చింది. ఇదే ప్రశ్నలో వేగాలను 30, 20గా మార్చి చూడండి. దూరం 90 అనుకుంటే మొదటి 30 కిలోమీటర్లకు ఒక గంట, మిగిలిన 60కి మూడు గంటలు, సగటు 22½. కూడి సగం చేసిన వాడికి 25 వస్తుంది.

లెక్కను తిరగేసి కూడా అడుగుతారు. లారీ 180 కిలోమీటర్లు 4 గంటల్లో వెళ్లింది. కొంత దూరం 20 వేగంతో, మిగతాది 60 వేగంతో. గుంతల రోడ్డు ఎంత దూరం? పై తరగతుల వాళ్లు x పెట్టి చేస్తారు. చిన్న తరగతి పిల్లలకు ఇంతకంటే అందమైన దారి ఉంది. నాలుగు గంటలూ హైవే మీదే వెళ్లిందనుకుందాం. అప్పుడు 240 కిలోమీటర్లు వెళ్లాలి. నిజానికి వెళ్లింది 180, అంటే 60 కిలోమీటర్లు తగ్గింది. గుంతల రోడ్డు మీద గడిపిన ప్రతి గంటకూ 60 బదులు 20 కాబట్టి 40 కిలోమీటర్లు నష్టం. 60 కిలోమీటర్ల నష్టం రావాలంటే గంటన్నర గుంతల్లో నడవాలి. గంటన్నరకు 20 చొప్పున 30 కిలోమీటర్లు. నోటితోనే అయిపోయింది.

మధ్యలో ఆగితే? డ్రైవరు దారిలో టీ తాగి అరగంట విశ్రాంతి తీసుకున్నాడని ప్రశ్నలో ఉంటే, ఆ అరగంట మొత్తం కాలంలో కలుస్తుంది. లారీ కదలకపోయినా గడియారం కదిలింది. ఆగిన సమయం వదిలేయమని ప్రశ్నే చెబితే తప్ప దాన్ని వదలకూడదు. మన లారీకి అరగంట కలిపితే మొత్తం నాలుగున్నర గంటలు, సగటు వేగం 180 ÷ 4½ = 40. చూశారా, 20, 60 కూడి సగం చేసిన వాడి తప్పు జవాబూ ఇదే! ఇలాంటి ప్రశ్న వస్తే ఆగిన సంగతే గమనించని విద్యార్థికీ పూర్తి మార్కు పడిపోతుంది. పిల్లల నోట్సు చూసే తల్లిదండ్రులు జవాబు పక్కన టిక్కు ఉందో లేదో కాక, మొత్తం కాలం రాసిన వరుస ఉందో లేదో చూడాలని నేను కోరేది ఇందుకే.

చివరగా, పెద్దవాళ్లను కూడా తడబడేలా చేసే ఒక ప్రశ్న ఉంది. గుంతల రోడ్డు దాటాక డ్రైవరు గడియారం చూసుకున్నాడు. మొత్తం ప్రయాణం సగటు గంటకు 60 కిలోమీటర్లు రావాలంటే హైవే మీద ఎంత వేగంతో వెళ్లాలి? 180 కిలోమీటర్లకు 60 చొప్పున 3 గంటలు. గంటన్నర అప్పుడే అయిపోయింది. మిగిలిన గంటన్నరలో 150 కిలోమీటర్లు, అంటే గంటకు 100. కాగితం మీద సాధ్యమే. మరి సగటు 120 రావాలంటే? 180కి 120 చొప్పున గంటన్నర. ఆ గంటన్నర గుంతల్లోనే ఖర్చయిపోయింది. హైవేకు ఒక్క సెకను కూడా మిగల్లేదు.

సమాన దూరాలతో ఇలాంటి ప్రశ్ననే మనస్తత్వశాస్త్రవేత్త మాక్స్ వెర్తైమర్ 1930ల్లో ఐన్‌స్టీన్‌కు ఉత్తరంలో పంపాడు. పాత కారు ఒక మైలు కొండ ఎక్కేటప్పుడు గంటకు 15 మైళ్ల వేగంతో వెళ్లింది. రెండు మైళ్ల మొత్తం ప్రయాణానికి సగటు 30 రావాలంటే దిగేటప్పుడు ఎంత వేగంతో రావాలి? చాలామంది నోటికి 45 అన్న జవాబు వచ్చేస్తుంది. లెక్క వేసి చూశాకే, దిగడానికి సమయమే మిగల్లేదని గమనించానని ఐన్‌స్టీన్ బదులు రాశాడు.

మన లారీ విషయంలో ఆ హద్దు 120. హైవే మీద వేగం గంటకు 300కి పెంచితే 150 కిలోమీటర్లకు అరగంట పడుతుంది, మొత్తం రెండు గంటలు, సగటు 90. విమానాన్ని మించి 1500 వేగంతో వెళ్లినా హైవేకు ఆరు నిమిషాలు, మొత్తం గంటా ముప్ఫై ఆరు నిమిషాలు, సగటు 112½. వేగం ఎంత పెంచినా సగటు 120కి దగ్గరవుతుందే తప్ప దాన్ని అందుకోదు. బిట్టులో ఈ ప్రశ్న వచ్చి, ఆప్షన్లలో "సాధ్యం కాదు" అని ఉంటే, గుర్తించాల్సింది దాన్నే.